రోజువారీ ఖర్చు, క్లిక్కుల అలర్టు: ఆదివారం అరుస్తుంది, అవసరమైన రోజున నోరు మెదపదు

మిర్చియార్డ్

సభ్యులకు నమస్కారం. మంగళగిరి చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం వారి గూగుల్ యాడ్స్ ఖాతాను నేను చూస్తున్నాను. ఆరు క్యాంపెయిన్లున్నాయి. రోజూ ఉదయం నిన్నటి ఖర్చు, క్లిక్కులు గూగుల్ షీటులోకి వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాను. గడచిన 28 రోజుల సగటు తీసి, దానికి పైనా కిందా రెండేసి ప్రామాణిక విచలనాల దూరంలో హద్దులు పెట్టి, నిన్నటి అంకె ఆ హద్దు దాటితే నాకు మెయిలు రావాలని ఏర్పాటు.

ఇందులో పెద్ద క్యాంపెయిన్‌కు మామూలు రోజుల్లో సుమారు 3,770 రూపాయలు, శని ఆదివారాల్లో సుమారు 6,100 రూపాయలు ఖర్చవుతుంది. నెల రోజుల్లో నాకు వచ్చిన మెయిళ్లన్నీ కాస్త జోరుగా సాగిన ఆదివారాలవే. గత నెలలో ఆ దుకాణం వెబ్‌సైటులో కొన్ని పేజీల చిరునామాలు మారాయి. దానితో ఒక యాడ్ గ్రూపులోని ప్రకటనలన్నీ గమ్యం పేజీ పనిచేయడం లేదన్న కారణంతో తిరస్కరణకు గురయ్యాయి. ఆ మంగళవారం ఖర్చు 2,900కు పడిపోయినా అలర్టు రాలేదు. తొమ్మిది రోజుల తరువాత యజమాని ఫోన్ చేసి అడిగితే గాని నాకు తెలియలేదు. హద్దుల్ని ఒకటిన్నర విచలనానికి తగ్గిస్తే సరిపోతుందా?

కొత్తకొట్టు

నాకూ ఇదే సమస్య. రోజుకు 1,000 రూపాయలే ఖర్చు చేయమని బడ్జెట్ పెట్టాను. మొన్న శనివారం 1,860 ఖర్చయింది. ఖాతా చూసే ఏజెన్సీ వారిని అడిగితే అది మామూలేనంటున్నారు. ఇలా మీరిపోకుండా అలర్టు ఎలా పెట్టాలి?

నాణ్యతశాఖ

కొత్తకొట్టు గారూ, మీది వేరే విషయం. ఏజెన్సీ వారు చెప్పింది నిజమే. మీరు పెట్టినది సగటు రోజువారీ బడ్జెట్. గిరాకీ ఎక్కువగా ఉన్న రోజున దానికి రెండింతల వరకూ ఖర్చు కావచ్చు, నెల మొత్తం మీద మాత్రం 30.4 రెట్లు దాటి మీకు లెక్క కట్టరు. 1,860 ఆ రెండింతల లోపలే ఉంది. మిర్చియార్డ్ గారు అడుగుతున్నది బడ్జెట్ మీరడం గురించి కాదు, ఖర్చు తన అలవాటును తప్పడం గురించి. బడ్జెట్ లోపలే ఉంటూ కూడా అలవాటు తప్పవచ్చు, వారి 2,900 అలాంటిదే.

మిర్చియార్డ్ గారూ, ఒకటిన్నరకు తగ్గించవద్దు. మీ అంకెలనే తీసుకుని చూద్దాం. వారంలో ఐదు రోజులు 3,770, రెండు రోజులు 6,100 అయితే మొత్తం సగటు సుమారు 4,436 వస్తుంది. అంత ఖర్చు మీ ఖాతాలో ఏ ఒక్క రోజునా జరగదు. విచలనం సుమారు 1,050. అందులో దాదాపు అంతా వారాంతానికీ మామూలు రోజులకూ ఉన్న ఎడమే తప్ప, రోజువారీ ఊగిసలాట కాదు. కాబట్టి మీ కింది హద్దు 2,330 దగ్గర, పై హద్దు 6,540 దగ్గర పడ్డాయి. మంగళవారం మూడో వంతు పడిపోయినా కింది హద్దు తగలదు. ఆదివారం ఏ ఏడెనిమిది శాతమో పెరిగితే చాలు, పై హద్దు తగులుతుంది. ఒకటిన్నరకు తగ్గిస్తే కింది హద్దు 2,860 అవుతుంది, అప్పుడు కూడా మీ 2,900 దొరకదు. పై హద్దు మాత్రం 6,010కి దిగి, ప్రతి శనివారమూ ఆదివారమూ మీకు మెయిలు వస్తుంది.

మంగళవారాన్ని మంగళవారాలతోనే పోల్చండి. పొరపాటు జరిగిన దానికి ముందు ఎనిమిది మంగళవారాల ఖర్చు ఇక్కడ పెట్టగలరా?

మిర్చియార్డ్

పాతవాటి నుంచి వరుసగా: 3,820, 3,640, 3,910, 3,750, 3,690, 3,880, 3,770, 3,700.

నాణ్యతశాఖ

వీటి సగటు 3,770. ఇప్పుడు ప్రామాణిక విచలనం బదులు, ఒక వారానికీ మరుసటి వారానికీ ఉన్న తేడాలను వరుసగా తీయండి: 180, 270, 160, 60, 190, 110, 70. వీటి సగటు సుమారు 149. దాన్ని 2.66తో గుణిస్తే మూడు విచలనాలకు సమానమైన దూరం, 395, వస్తుంది. అంటే కింది హద్దు 3,375, పై హద్దు 4,165. మీ 2,900 చాలా బయట ఉంది.

నేను విశాఖలో ఒక కర్మాగారంలో నాణ్యత విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. అక్కడ రోజుకు ఒక్క కొలతే దొరికే చోట్ల ఈ లెక్కనే వాడేవాళ్లం. వరుస తేడాలనే ఎందుకు తీసుకుంటామంటే, మధ్యలో ఖర్చు స్థాయి ఒకసారి మారినా ఆ మార్పు ఒక్క తేడాలోనే పడుతుంది. ప్రామాణిక విచలనంలో అయితే ఆ మార్పు ప్రతి అంకెలోకీ చేరి హద్దుల్ని ఉబ్బిస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఏ రోజును పరీక్షిస్తున్నారో ఆ రోజు అంకె సగటులో ఉండకూడదు. దొంగను పట్టేందుకు వేసిన కమిటీలో దొంగనే కూర్చోబెట్టినట్టవుతుంది. మీ 28 రోజుల లెక్కలో నిన్నటి రోజు కలిసి ఉందేమో ఒకసారి చూసుకోండి.

లెక్కలమాస్టారు

నేను డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతాను. రెండు మాటలు చెప్పాలనుంది. మొదటిది, ఈ మూడు విచలనాల హద్దులు సాధారణ విభాజనానికి మాత్రమే చెల్లుతాయి, ప్రకటనల ఖర్చు ఆ విభాజనాన్ని పాటించదు. రెండవది, క్లిక్కులు లెక్కించదగిన సంఘటనలు కాబట్టి వాటికి ఇంత శ్రమ అవసరం లేదు. సగటుకు వర్గమూలం తీస్తే అదే విచలనం. సగటు 400 క్లిక్కులుంటే వర్గమూలం 20, హద్దులు 340, 460. ఎనిమిది వారాల చరిత్ర కూడా అక్కరలేదు.

నాణ్యతశాఖ

మాస్టారూ, మొదటి మాటకు జవాబు ఇది. 1924లో వాల్టర్ షూహార్ట్ ఈ హద్దులకు మూలమైన నియంత్రణ పటాన్ని రూపొందించిన నాటి నుంచి మూడు అనేది ఒక ఆచరణాత్మక ఎంపిక. ఉత్తపుణ్యానికి పరుగెత్తించడం వల్ల కలిగే నష్టానికీ, నిజమైన మార్పును వదిలేయడం వల్ల కలిగే నష్టానికీ మధ్య తూకం కుదిరే చోటు అది. అంకెలు సాధారణ విభాజనం పాటించకపోతే తప్పుడు అలర్టుల శాతం కొంత మారుతుందే తప్ప, పద్ధతి పనికిరాకుండా పోదు.

రెండవ మాట మాత్రం మిర్చియార్డ్ గారి అంకెలతోనే తేల్చుకోవచ్చు. మీ సూత్రం ఒక క్లిక్కుకూ మరొక క్లిక్కుకూ సంబంధం లేనప్పుడు నిలుస్తుంది. ఇక్కడ వాన పడినా, పోటీ దుకాణం తన బిడ్ పెంచినా, ఒకే కారణంతో వందలాది క్లిక్కులు ఒకేసారి పెరుగుతాయి లేదా తగ్గుతాయి.

మిర్చియార్డ్

చూశాను. అవే ఎనిమిది మంగళవారాల క్లిక్కుల సగటు 412. మాస్టారి లెక్కన హద్దులు 351, 473 వస్తున్నాయి. ఏ పొరపాటూ జరగని ఆ ఎనిమిదింటిలో రెండు రోజులు ఆ హద్దుల బయట ఉన్నాయి. వరుస తేడాల సగటు 46 కాబట్టి, నాణ్యతశాఖ గారి లెక్కన హద్దులు 290, 534. ఎనిమిదీ లోపలే ఉన్నాయి.

ఒక సందేహం. ఖర్చు హద్దులు సగటుకు పది శాతం దూరంలో ఉంటే, క్లిక్కుల హద్దులు ముప్పై శాతం దూరంలో ఎందుకున్నాయి?

లెక్కలమాస్టారు

ఎనిమిదింటిలో రెండు బయట పడ్డాయంటే నా ఊహ ఈ అంకెలకు సరిపడదని ఒప్పుకుంటాను. అయితే ఎనిమిది అంకెల మీద కట్టిన హద్దులు కూడా గట్టివి కావు, ఒక్క అంకె మారితే అవి కదిలిపోతాయి. ఆ మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

నాణ్యతశాఖ

మాస్టారు చెప్పింది నిజం. పదిహేను ఇరవై అంకెలుంటే హద్దులు నిలకడగా ఉంటాయి, కానీ ఇరవై మంగళవారాలంటే దాదాపు ఐదు నెలలు. చీరల వ్యాపారంలో ఐదు నెలల కిందటి మంగళవారం ఈ మంగళవారానికి సాక్ష్యం చెప్పలేదు. ఈ రెండు చిక్కుల మధ్య ఎనిమిది నుంచి పన్నెండు వారాలు నా అలవాటు.

మిర్చియార్డ్ గారి సందేహానికి: మీ క్యాంపెయిన్ రోజూ బడ్జెట్ అంచుకు తగిలి ఆగుతున్నట్టుంది. అలాంటి చోట ఖర్చు కదలదు, క్లిక్కు ధర కదులుతుంది. రేపు క్లిక్కు ధర రెట్టింపైతే, ఖర్చు అదే 3,770 దగ్గర ఉండి క్లిక్కులు సగానికి పడతాయి. ఖర్చు అలర్టు ఒక్కటే ఉన్నవారికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. రెండింటికీ వేర్వేరు హద్దులుండాలనడం అందుకే.

డాలస్_తెలుగు

నాకు రోజూ "ఖర్చు పడిపోయింది" అని అలర్టు వస్తోంది, కానీ ఖాతాలోకి వెళ్లి చూస్తే అంతా సరిగ్గానే ఉంటోంది. మా క్లయింటు ఇక్కడ డాలస్‌లో ఉన్నారు. షీటు మా హైదరాబాద్ సహోద్యోగి తయారు చేశారు, ఉదయం ఏడు గంటలకు నడుస్తుంది. మంగళవారాన్ని మంగళవారాలతోనే పోల్చే పరీక్ష మీరు చెప్పినట్టే ఉంది. హద్దులు వెడల్పు చేయాలా?

నాణ్యతశాఖ

హద్దులను ముట్టుకోకండి, గడియారం చూడండి. హైదరాబాద్‌లో 12వ తేదీ ఉదయం ఏడు అయినప్పుడు, వేసవి సమయం నడుస్తుంటే, డాలస్‌లో 11వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర. షీటు తన కాలమానంలో "నిన్న" అంటే 11వ తేదీ అనుకుంటుంది. ఆ తేదీకి డాలస్‌లో ఇంకా మూడున్నర గంటలు మిగిలే ఉన్నాయి. పూర్తి రోజుల సగటుతో పూర్తి కాని రోజును పోలుస్తున్నారు. షీటు సెట్టింగులలో కాలమానాన్ని యాడ్స్ ఖాతా కాలమానానికి మార్చండి, స్క్రిప్టు నడిచే వేళను అక్కడి తెల్లవారుజాముకు జరపండి. క్లిక్కులు, ఖర్చు నివేదికల్లోకి చేరడానికి మూడు గంటల వరకూ పట్టవచ్చు కాబట్టి అర్ధరాత్రి దాటగానే నడపకండి.

డాలస్_తెలుగు

కాలమానమే. మార్చాను, ఈ రోజు మెయిలు రాలేదు. రెండు నెలలుగా దీనికోసం హద్దులు వెడల్పు చేసుకుంటూ వచ్చాను, ఇప్పుడు వాటిని వెనక్కి తేవాలి.

రాత్రిషిఫ్టు

ఎవరూ అడగలేదు గాని, నాకు జరిగింది చెబుతాను. క్లయింటు కార్డు గడువు తీరిపోయి, ఖాతాలో అన్ని ప్రకటనలూ ఆగిపోయాయి. నాలుగు రోజులు నాకు ఒక్క అలర్టూ రాలేదు. కారణం ఏమంటే, తేదీవారీగా నివేదిక తీసినప్పుడు ఏ కదలికా లేని రోజుకు వరుసే రాదు. షీటులో 0 పడదు, అసలు ఏమీ పడదు. నా సూత్రం అన్నిటికంటే కింద ఉన్న వరుసను "నిన్న" అనుకుని, నాలుగు రోజుల పాటు ఒకే పాత రోజును పరీక్షించి అంతా బాగుందని చెప్పింది. ఇప్పుడు నేను వరుసల స్థానాన్ని నమ్మను, తేదీనే అడుగుతాను.

మిర్చియార్డ్

నాదీ కింది వరుసనే చూస్తోంది. ఇంకొక చిక్కు కూడా దొరికింది. ఇదే లెక్కను వరలక్ష్మీ వ్రతం తరువాతి వారాలకు వేసి చూశాను. వ్రతానికి ముందు వారం బడ్జెట్ పెంచడంతో ఒక మంగళవారం 7,400 అయింది. ఆ తరువాత వారాల తరబడి ఏ అలర్టూ రాలేదు.

నాణ్యతశాఖ

మీ ఎనిమిది అంకెలలో 3,690 స్థానంలో 7,400 పెట్టి చూపిస్తాను. సగటు 4,234కు పెరుగుతుంది. 7,400 వైపు ఎక్కే తేడా, దాని నుంచి దిగే తేడా రెండూ 3,500 పైన ఉండడంతో తేడాల సగటు 1,137 అవుతుంది. హద్దులు 1,209 నుంచి 7,259 దాకా సాగిపోతాయి. ఒక్క పండుగ రోజు రెండు నెలల పాటు మీ కాపలావాడిని నిద్రపుచ్చింది.

దీనికి మందు సగటు బదులు మధ్యగతం. అంకెల మధ్యగతం 3,795, తేడాల మధ్యగతం 180. మధ్యగతం వాడినప్పుడు గుణకం 2.66 కాదు, 3.145. హద్దులు 3,229, 4,361 వస్తాయి. పండుగ లేని అసలు అంకెలకు ఇదే లెక్క వేస్తే 3,257, 4,263. అంటే పండుగ వల్ల హద్దులు దాదాపు కదలలేదు, 2,900 రెండు చోట్లా దొరుకుతుంది. రాత్రిషిఫ్టు గారి మాటనూ కలిపి షీటులో ఇలా రాసుకోవచ్చు:

```
E2  =TODAY()-1
E3  =SUMIF(data!A:A, E2, data!B:B)
G2  =$E$2-7*(ROW()-1)
H2  =SUMIF(data!A:A, G2, data!B:B)
I3  =ABS(H3-H2)
K2  =MEDIAN(H2:H9)
K3  =3.145*MEDIAN(I3:I9)
K4  =OR(E3<K2-K3, E3>K2+K3)
```

`data` షీటులో మొదటి నిలువు వరుస తేదీ, రెండవది ఖర్చు. G, H సూత్రాలను 9వ వరుస దాకా, I సూత్రాన్ని 3 నుంచి 9 దాకా కిందికి లాగండి. తేదీకి వరుస లేకపోతే `SUMIF` 0 ఇస్తుంది, మనకు కావలసినదీ అదే. ఒకేసారి అన్ని క్యాంపెయిన్లూ 0 చూపిస్తే ఖాతా ఆగిందో, లేక నివేదిక షీటులోకి రాలేదో ముందు చూసుకోండి. ఉదయం ఒక చిన్న యాప్స్ స్క్రిప్టు `K4` లాంటి గళ్లను చదివి, `TRUE` ఉన్నవాటన్నిటినీ ఒకే మెయిలులో పంపితే చాలు.

లెక్కలమాస్టారు

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. ఖర్చు వారానికి రెండు శాతం చొప్పున మెల్లగా తగ్గుతూ పోతే, హద్దులు కూడా దానితో పాటే కిందికి దిగుతాయి, అలర్టు రాకుండానే పోవచ్చు. మధ్యగతం మొండిది కావడం వల్ల రెండవ లోపమూ ఉంది. యజమాని నిజంగానే బడ్జెట్ పెంచితే, నాలుగైదు వారాల పాటు రోజూ అలర్టు వస్తూనే ఉంటుంది.

నాణ్యతశాఖ

రెండూ ఒప్పుకోవలసినవే. రెండవదానికి నేను చేసేది ఇది: బడ్జెట్ మార్చిన తేదీని షీటులో రాసుకుని, అంతకు ముందరి అంకెలను కొత్త బడ్జెట్ నిష్పత్తిలో పెంచి వాడతాను. అది కూడా బడ్జెట్ అంచుకు తగిలే క్యాంపెయిన్లకే సరిపోతుంది. మొదటిదానికి, ప్రతి రోజు అంకెనూ, మంగళవారమైతే మంగళవారాల మధ్యగతంతో అన్నట్టుగా, భాగించి, ఆ భాగఫలం వరుసగా ఎనిమిది రోజులు 1కి ఒకే వైపున ఉంటే, హద్దు దాటకపోయినా వెళ్లి చూస్తాను. ఇది ఆ రోజుకారోజు పరుగెత్తవలసిన అలర్టు కాదు, సోమవారం తీరికగా చూసుకునేది.

కొత్తకొట్టు

నాకు రెండు చిన్న క్యాంపెయిన్లున్నాయి. రోజుకు మూడో నాలుగో క్లిక్కులు. ఈ షీటు పెడితే కింది హద్దు మైనస్‌లోకి వెళ్తోంది. పొరపాటు చేశానా?

నాణ్యతశాఖ

పొరపాటు లేదు. నాలుగు క్లిక్కుల క్యాంపెయిన్‌కు సున్నా కూడా మామూలు రోజే కాబట్టి, కింది హద్దుకు అక్కడ చెప్పడానికేమీ లేదు. రెండింటినీ కలిపి వారానికొకసారి చూడండి. అందరికీ ఇంకొక సూచన: హద్దు దాటడంతో పాటు తేడా కనీసం ఇన్ని రూపాయలుండాలని కూడా షరతు పెట్టుకోండి. నలభై రూపాయల తేడాకు తెల్లవారుజామున లేవనక్కరలేదు.

మిర్చియార్డ్

అందరి మాటలూ కలిపి కొత్త షీటు చేసి, గడచిన 90 రోజుల మీద నడిపి చూశాను. ప్రకటనలు తిరస్కరణకు గురైనది సోమవారం మధ్యాహ్నం. ఆ రోజు ఖర్చు హద్దులోపలే ఉంది, మంగళవారం 2,900 బయటకు వచ్చింది. అంటే తొమ్మిది రోజుల బదులు బుధవారం ఉదయమే మెయిలు వచ్చి ఉండేది.

రెండు విచలనాల మీద ఉంటే, ఆరు క్యాంపెయిన్లకూ కలిపి రోజుకు పన్నెండు పరీక్షలు కాబట్టి, ఏమీ జరగకపోయినా వారానికి నాలుగు మెయిళ్లు వచ్చేవని లెక్క తేలింది. మూడు మీద అయితే నెలకు ఒకటి. నాకు 90 రోజుల్లో, ఆ మంగళవారం నుంచి సరిచేసేదాకా రోజూ వచ్చినవి పోగా, ఏడు వచ్చాయి. ఎనిమిది అంకెల హద్దులు గట్టివి కావని మాస్టారు అన్నది ఇదే కాబోలు. ఏడింటిలో నాలుగు వ్రతం వారానివి, ఒకటి నేనే బిడ్ మార్చిన రోజు. మిగిలిన రెండింటికి కారణం దొరకలేదు.

ఇక సంక్రాంతి సంగతి. జనవరిలో మూడు వారాలు ఈ హద్దులు పనిచేయవు. ఆ మూడు వారాలూ అలర్టు ఆపేయమంటారా?

రాత్రిషిఫ్టు

ఆపకండి. ఖర్చు ఎక్కువగా ఉండేది అప్పుడే, పొరపాటు జరిగితే నష్టమూ అప్పుడే ఎక్కువ. నేను పై హద్దును మాత్రం ఆపి, కింది హద్దును ఉంచుతాను. పండుగలో ఖర్చు పడిపోతే అది తప్పకుండా చూడవలసిందే.

లెక్కలమాస్టారు

కింది హద్దు పండుగకు ముందరి అంకెల మీద కట్టినది కదా. పండుగ జోరులో 8,000 ఉండవలసిన రోజు 4,500 అయితే, అది ఆ హద్దుకు పైనే ఉంటుంది. నిరుటి సంక్రాంతితో పోల్చండి, దాని తేదీ పెద్దగా మారదు.

నాణ్యతశాఖ

సంక్రాంతికి అది కుదరవచ్చు. తిథిని బట్టి వచ్చే దసరా, దీపావళి, వరలక్ష్మీ వ్రతం వంటివి ఒక్కొక్క ఏడు రెండు మూడు వారాల దాకా జరుగుతాయి కాబట్టి, తేదీతో కాకుండా పండుగకు ఇంకా ఎన్ని రోజులున్నాయన్న లెక్కతో పోల్చాలి. అయితే అలా పోల్చడానికి ఒక ఏడాదికి ఒక్క అంకే దొరుకుతుంది, ఒక్క అంకెకు హద్దు కట్టలేము. నేను ఆ వారాల్లో రోజుకు రెండు సార్లు ఖాతా తెరిచి కళ్లతో చూస్తాను. ఇంతకంటే మంచి మార్గం ఎవరైనా వాడుతుంటే చెప్పండి.